పాలు తాగుతూ చెమటలు పట్టే పసిబిడ్డ: నెల దాటాక బయటపడే గుండె జబ్బు గురించి

పుష్య మాసపు చలిలో, దేవరకొండ వైపు ఒక ఊళ్లో, తల్లిగారింట్లో పురుడు పోసుకున్న ఒక బాలింత తన ఐదు వారాల పాపకు పాలిస్తున్నదనుకుందాం. పాప ఆత్రంగా అందుకుంటుంది, రెండు నిమిషాలు గట్టిగా చప్పరిస్తుంది, తరువాత వదిలేసి ఆయాసపడుతుంది, మళ్లీ అందుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. ముప్పావు గంట గడిచినా పాలు పూర్తి కావు, పాప మాత్రం అలసిపోయి నిద్రలోకి జారుకుంటుంది, మరో అరగంటకే ఆకలితో లేచి ఏడుస్తుంది. ఇల్లంతా దుప్పట్లు కప్పుకున్న ఆ వేళలో పాప నుదురు, తల వెనుక భాగం, తల్లి మోచేయి తగిలిన చోట జాకెట్టు చెయ్యి చెమటతో తడిసి ఉంటాయి. అమ్మమ్మ నుదురు తుడిచి, "గింత సలిల గీ చెమటేందే బిడ్డా, పాలు తాగినప్పుడల్లా గిట్లనే ఉంటుందా?" అని అడుగుతుంది.

ఆ ప్రశ్న చాలా విలువైనది. పసిబిడ్డల గుండె జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది, సకాలంలో గుర్తిస్తే పూర్తిగా సరిచేయగలిగేది, అయినా తరచు ఆలస్యంగా బయటపడేది ఒకటుంది. గుండె కింది గదులు రెండింటి మధ్య గోడలో పుట్టుకతో మిగిలిపోయే పెద్ద రంధ్రం అది. అది తన ఉనికిని మొదట చెప్పుకునేది పాలు తాగే సమయంలోనే. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ఒక్క జబ్బు చుట్టూ తిరుగుతుంది. పెదవులు నీలంగా మారే జబ్బులు దీనికి భిన్నమైనవి. ఆ తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది "పాప ఎర్రగానే ఉంది కదా, గుండె జబ్బెందుకు ఉంటుంది" అని ఊరుకుంటారు కనుక వాటి గురించి కూడా తగినంత చెప్పుకుందాం.

పుట్టుకతో గుండెలో లోపం ఉండే పిల్లలు ప్రతి 1000 మందిలో సుమారు 8 మంది ఉంటారు. ఆ లోపాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ గోడ రంధ్రమే. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే మూసుకుపోతాయి, బిడ్డకు వాటి వల్ల ఇబ్బంది కూడా ఉండదు. మనం మాట్లాడుకుంటున్నది పెద్ద రంధ్రం గురించి.

తల్లిదండ్రులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: పుట్టినప్పుడు డాక్టర్లు చూసి అంతా బాగుందన్నారు, మూడు వారాలు పాప చక్కగా పాలు తాగింది, రంధ్రం పుట్టుకతోనే ఉంటే ఇన్నాళ్లూ ఏమీ కాకుండా ఇప్పుడెందుకు మొదలైంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా లక్షణాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి కనుక దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరి పీల్చదు. కావలసిన ఆక్సిజన్ మాయ నుంచి, బొడ్డుతాడు ద్వారా అందుతుంది. ఊపిరితిత్తులు నీటితో నిండి ఉంటాయి, వాటిలోని రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి, అందువల్ల గుండె నుంచి వాటికి వెళ్లే రక్తం కొద్దిపాటిదే. పుట్టి మొదటి ఏడుపు ఏడవగానే ఊపిరితిత్తులు గాలితో విచ్చుకుంటాయి, రక్తనాళాలు సడలడం మొదలవుతుంది. అయితే ఆ సడలింపు ఒక్కరోజులో పూర్తయ్యేది కాదు. మొదటి కొన్ని రోజుల్లో కొంత, ఆ తరువాత నాలుగు నుంచి ఎనిమిది వారాల వరకు మెల్లమెల్లగా మిగిలినది జరుగుతుంది.

ఇప్పుడు గుండెను చూద్దాం. ఎడమ కింది గది శరీరమంతటికీ రక్తాన్ని పంపుతుంది, కుడి కింది గది ఊపిరితిత్తులకు పంపుతుంది. రెండింటి మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉంటే, ఎడమ గది పిండిన రక్తానికి రెండు దారులు దొరుకుతాయి. సాగర్ కాలువ కింద వ్యవసాయం చేసేవారికి ఇది చెప్పనక్కరలేదు: ఒకే తూము నుంచి రెండు పాయలు చీలినప్పుడు నీళ్లు ఏ పాయ పల్లంగా ఉంటే దానిలోకే ఎక్కువగా పారుతాయి. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల పాయ ఇంకా మెట్టగానే ఉంటుంది, రక్తనాళాలు బిగువుగా ఉంటాయి కనుక. అందుకే రంధ్రం ఎంత పెద్దదైనా దాని గుండా ఎక్కువ రక్తం పారదు. వారాలు గడిచేకొద్దీ ఆ పాయ పల్లమవుతుంది. నెల దాటేసరికి శరీరానికి ఒక వంతు రక్తం వెళ్తుంటే ఊపిరితిత్తులకు రెండు వంతులు, ఒక్కోసారి మూడు వంతులు వెళ్తుంటుంది. రంధ్రం పెరగలేదు, మారింది వాలు మాత్రమే.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున స్టెతస్కోపు పెట్టి చూసిన డాక్టరుకు ఏమీ వినిపించకపోవడానికి కారణం కూడా ఇదే. గుండె శబ్దాలతో పాటు వినిపించే గరగర మోత, అంటే మర్మర్, రక్తం ఒరుసుకుని పారినప్పుడు పుడుతుంది. పారుదలే లేని రోజుల్లో మోత ఉండదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, చిన్న రంధ్రం నుంచి రక్తం ఒత్తిడితో చిమ్ముతుంది కనుక పెద్ద మోత చేస్తుంది. పెద్ద రంధ్రం నుంచి సులువుగా పారుతుంది కనుక మోత తక్కువగా ఉండవచ్చు. కాబట్టి మోత తీవ్రతను బట్టి జబ్బు తీవ్రతను అంచనా వేయడం పొరపాటు. "టిఫా స్కానింగ్‌లో అంతా మంచిగుందన్నారు" అని చాలామంది తల్లులు చెబుతారు, అది అబద్ధమూ కాదు. అయిదో నెలలో తీసే ఆ స్కానింగ్‌లో గుండెలోని పెద్ద నిర్మాణ లోపాలు చాలావరకు కనిపిస్తాయి, కానీ గదుల మధ్య గోడ రంధ్రాలు తప్పిపోవడం సాధారణం. పుట్టకముందు బాగున్న స్కానింగ్ గాని, పుట్టిన మూడోనాటి బాగున్న పరీక్ష గాని, ఐదో వారంలో పట్టే చెమటకు జవాబు కాలేవు.

ఇక చెమట సంగతి. పెద్దవాళ్ల గుండె బలం తెలుసుకోవాలంటే మెట్లెక్కించి చూస్తారు. పాలు తాగడమే చంటిబిడ్డకు మెట్లెక్కడం, రోజు మొత్తంలో ఆ బిడ్డ చేసే అత్యంత కష్టమైన పని అదే. చప్పరించాలి, మింగాలి, ఆ మధ్యలోనే ఊపిరి తీసుకోవాలి. ఊపిరితిత్తులు రక్తంతో బరువెక్కి ఊపిరి వేగం అప్పటికే పెరిగిపోయిన బిడ్డకు మింగడానికి సందు దొరకదు, అందుకే రెండు గుక్కలకొకసారి వదిలేస్తుంది. మరోవైపు శరీరానికి చేరవలసిన రక్తంలో పెద్ద భాగం తిరిగి ఊపిరితిత్తులకే పోతుండటంతో, ఆ లోటును పూడ్చడానికి గుండె వేగంగా కొట్టుకోవాలి. ఆ పని చేయించేది భయపడినప్పుడు మనకు గుండె దడ, చల్లని చెమట పుట్టించే నాడీ వ్యవస్థే. అది గుండెను తరుముతుంది, దానితో పాటే తల మీదా నుదుటి మీదా చెమట పట్టిస్తుంది. అందుకే ఈ చెమట ఉక్కపోత చెమటలా ఒళ్లంతా పట్టదు. ముఖ్యంగా తల, నుదురు, పై పెదవి తడుస్తాయి. తాకి చూస్తే బిడ్డ చర్మం వెచ్చగా కాక చల్లగా ఉండవచ్చు.

మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో అందరు పిల్లలకూ చెమటలు పడతాయి. నిద్రలో తల తడిసే ఆరోగ్యవంతమైన పిల్లలు కూడా ఎందరో ఉంటారు. అందువల్ల చెమట ఒక్కటే చూసి భయపడనక్కరలేదు. చూడవలసింది చెమట దేనితో కలిసి వస్తున్నదన్నది: ఫ్యాను కిందనో, చల్లటి పూటనో కూడా పాలు తాగేటప్పుడే పడుతున్నదా, పాలు ముప్పై, నలభై నిమిషాలు దాటి సాగుతున్నాయా, బిడ్డ కడుపు నిండక మునుపే అలసి నిద్రపోతున్నదా, ఊపిరి వేగంగా ఉన్నదా, బరువు పెరుగుతున్నదా. ఈ ప్రశ్నల్లో చివరి రెండింటికి జవాబును ఇంట్లోనే, ఊళ్లోనే, అంకెల్లో రాబట్టవచ్చు.

ఊపిరి లెక్కపెట్టడానికి బిడ్డ నిద్రలో గాని, ఏడవకుండా నిశ్చింతగా గాని ఉండాలి. పాలు తాగిన వెంటనే, ఏడ్చి ఆగిన వెంటనే లెక్కపెడితే అంకె తప్పుగా వస్తుంది. చొక్కా పైకి జరిపి, పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి చొప్పున, ఫోనులో గడియారం చూస్తూ పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించడం పసిబిడ్డల విషయంలో పనికిరాదు, ఎందుకంటే వాళ్లు కొన్ని సెకన్లు గబగబా పీల్చి, ఐదు పది సెకన్లు ఆగి, మళ్లీ పీల్చడం సహజం. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అది వేగంగా ఊపిరి తీయడం కిందికి వస్తుంది. ఎక్కువ వచ్చినప్పుడు కాసేపాగి మరోసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అలాగే వస్తే కారణం గుండె కావచ్చు, నిమ్ము కావచ్చు, మరేదైనా కావచ్చు. ఆ కారణాన్ని ఇంట్లో తేల్చే పని పెట్టుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

బరువు కథ దీనికంటే నెమ్మదిగా సాగుతుంది, కానీ అబద్ధం చెప్పదు. పుట్టిన కొత్తలో కొద్దిగా తగ్గిన బరువును బిడ్డ పది పద్నాలుగు రోజుల్లో తిరిగి పొందుతుంది, ఆ తరువాత మొదటి మూడు నెలలూ రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. మనం మొదట చూసిన పాప పుట్టినప్పుడు 2.8 కిలోలు. పద్నాలుగో రోజున మళ్లీ 2.8 కిలోలు. ఇరవై ఎనిమిదో రోజున ఆశా కార్యకర్త తూచినప్పుడు 3.15 కిలోలు, అంటే రోజుకు 25 గ్రాముల చొప్పున సరిగ్గా పెరిగింది. నలభై రెండో రోజున 3.25 కిలోలు. ఈ రెండు వారాల్లో పెరిగినది 100 గ్రాములే, రోజుకు ఏడు గ్రాములు. ఈ అంకెను విడిగా చూస్తే ఎవరికీ అనుమానం రాదు, బరువు పెరిగింది కదా అనిపిస్తుంది. అంతకు ముందు రెండు వారాల పక్కన పెట్టి చూస్తేనే ఎక్కడో గండి పడిందని తెలుస్తుంది.

ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూసే రోజులు పుట్టిన తరువాత 3, 7, 14, 21, 28, 42. ఈ జబ్బు సాధారణంగా తలెత్తేది చివరి రెండు సందర్శనల మధ్యనే. నా దృష్టిలో నలభై రెండో రోజు సందర్శనను మొక్కుబడిగా కాక అన్నిటికంటే జాగ్రత్తగా జరపాలి. ఆరు వారాల టీకాలు వేసేదీ అప్పుడే కనుక తల్లీబిడ్డలు ఎలాగూ ఏఎన్‌ఎం ముందుకు వస్తారు. ఆ రోజున "పాప పాలు మంచిగ తాగుతున్నదా?" అని అడిగితే తల్లి "తాగుతుంది" అనే చెబుతుంది, ఎందుకంటే రోజంతా పాలిస్తూనే ఉన్నది. అదే "ఒక్కసారి తాగడానికి ఎంతసేపు పడుతున్నది? మధ్యల ఎన్నిసార్లు ఆగుతున్నది? తాగుతుంటే తల తడుస్తున్నదా?" అని అడిగితే అసలు విషయం బయటకు వస్తుంది.

మన పాప విషయంలో మధ్యలో ఒక మలుపు జరిగింది, అది ఇటువంటి పిల్లల్లో తరచుగా జరిగేదే కనుక చెప్పాలి. ముప్పై ఆరో రోజున ఎగపోత ఎక్కువైందని పాపను దగ్గరలోని ఒక క్లినిక్‌కు తీసుకువెళ్లారు. నిమ్ము చేసిందని చెప్పి మందులు రాశారు, ముక్కుకు మాస్కు పెట్టి ఆవిరి మందు పట్టారు. రెండు రోజులు కొంత తగ్గినట్టనిపించి మళ్లీ మొదటికి వచ్చింది. ఆ పొరపాటు అర్థం చేసుకోదగినదే, ఎందుకంటే రెండు జబ్బుల్లోనూ ఊపిరి వేగం పెరుగుతుంది, డొక్కలు ఎగురుతాయి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు మసకగా కనిపిస్తాయి. తేడా కథలో ఉంటుంది. నిమ్ము సాధారణంగా రెండు మూడు రోజుల్లో మొదలవుతుంది, తరచుగా జ్వరమో దగ్గో వెంట ఉంటుంది, మందులు పడ్డాక తగ్గితే బిడ్డ మునుపటిలాగే పాలు తాగుతుంది. గుండె జబ్బులో ఎగపోత వారం, రెండు వారాలుగా మెల్లగా పెరుగుతూ వస్తుంది, జ్వరం ఉండకపోవచ్చు, ఎగపోత కంటే ముందే పాలు తాగడంలో ఆయాసం, చెమట మొదలై ఉంటాయి, బరువు ఆగిపోయి ఉంటుంది. పొట్ట కుడివైపు పక్కటెముకల కింద కాలేయం పెద్దదై చేతికి తగులుతుంది. పెద్దవాళ్లలో గుండె బలహీనపడితే కాళ్లు వాస్తాయి, పసిబిడ్డల్లో అది అరుదు, వారిలో రక్తం నిలిచేది ముఖ్యంగా కాలేయంలోనే. అందుకే ఎగపోతతో వచ్చిన ఏ చంటిబిడ్డ పొట్టనైనా చేత్తో తడిమి చూడకుండా నిమ్ము అని తేల్చకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రెండు నెలల లోపు బిడ్డకు నిమ్ము ఉన్నా జ్వరం రాకపోవచ్చు. పైగా రక్తంతో తడిసి బరువెక్కిన ఊపిరితిత్తులకు నిజమైన నిమ్ము కూడా సులువుగా సోకుతుంది కనుక రెండు జబ్బులూ ఒకే బిడ్డలో కలిసి ఉండవచ్చు. కాబట్టి "జ్వరం లేదు, ఇది నిమ్ము కాదు" అని గాని, "నిమ్ము తేలింది, ఇక గుండె సంగతి చూడనక్కరలేదు" అని గాని అనుకోవడం రెండూ ప్రమాదమే. నెలల వయసులోనే నిమ్ము రెండోసారి వచ్చిందంటే గుండెను స్కానింగ్ చేయించాలి. గుండె జబ్బును నిమ్ముగా పొరబడినప్పుడు చికిత్స కూడా ఎదురు తిరగగలదు: సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే అప్పటికే పొంగుతున్న కాలువలోకి మరిన్ని నీళ్లు వదిలినట్టవుతుంది, కొన్ని ఆవిరి మందులు గుండె వేగాన్ని మరింత పెంచుతాయి.

నీలి పెదవుల విషయానికి వద్దాం. పైన చెప్పిన జబ్బులో ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువగా పోతుంది కాబట్టి ఆక్సిజన్‌కు లోటుండదు, బిడ్డ ఎర్రగానే కనిపిస్తుంది, వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ 95 పైనే చూపుతుంది. నీలంగా మారే పిల్లల్లో జరిగేది దీనికి తలకిందులు. ఊపిరితిత్తులకు చేరవలసిన చెడు రక్తం వాటిని తప్పించుకుని, ఆక్సిజన్ తీసుకోకుండానే, నేరుగా శరీరంలోకి వెళ్లిపోతుంది. అటువంటి బిడ్డ ఊపిరి వేగంగా ఉన్నా డొక్కలు ఎగరకపోవచ్చు, పెద్ద కష్టం లేనట్టు కనిపించవచ్చు, అదే మోసం. ఊపిరితిత్తుల జబ్బుతో నీలంగా మారిన బిడ్డకు ఆక్సిజన్ పెడితే రంగు తేరుకుంటుంది. గుండె జబ్బుతో నీలంగా మారిన బిడ్డకు ఆక్సిజన్ పెట్టినా పెద్దగా తేడా రాదు, ఎందుకంటే ఆ రక్తం ఊపిరితిత్తుల దగ్గరికే పోవడం లేదు.

నీలాన్ని ఎక్కడ చూడాలన్నది కూడా తెలియాలి. పుట్టిన కొత్తలో, చలిలో, స్నానం తరువాత చేతులు, పాదాలు నీలంగా ఉండటం సహజం, వెచ్చగా చుట్టితే పోతుంది. ఏడ్చేటప్పుడు పెదవుల చుట్టూ చర్మం నీలంగా కనిపించడం కూడా అంతగా భయపడవలసినది కాదు. చూడవలసినది నాలుక, చిగుళ్లు, పెదవుల లోపలి భాగం. చామనఛాయ, నల్లని ఛాయ గల మన పిల్లల్లో చర్మం మీద నీలం సులువుగా కనిపించదు కనుక నోరు తెరిచి, పగటి వెలుతురులో నాలుకను చూడడమే సరైన పద్ధతి. కంటికి నీలం కనిపించేసరికి ఆక్సిజన్ శాతం సాధారణంగా 85 కిందికో, ఆ దరిదాపుల్లోకో పడిపోయి ఉంటుంది. రక్తహీనత ఉన్న బిడ్డలో ఇంకా పడిపోయినా నీలం కనిపించకపోవచ్చు. అందుకే పుట్టిన 24 గంటల తరువాత, ఇంటికి పంపే ముందు, కుడి చేతికీ ఒక కాలికీ ఆక్సిమీటర్ పెట్టి చూడడం మంచిది. 90 కంటే తక్కువ వస్తే వెంటనే పెద్ద డాక్టరు చూడాలి. 90 నుంచి 94 వచ్చినా, చేతికీ కాలికీ 3 కంటే ఎక్కువ తేడా ఉన్నా మరోసారి పరీక్షించాలి. అయితే ఈ పరీక్ష మన ఐదు వారాల పాపను పట్టుకోలేదు, ఆమె ఆక్సిజన్ ఎప్పుడూ బాగానే ఉంది. ఆక్సిమీటర్ బాగా చూపినంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదన్నది తల్లిదండ్రులకే కాదు, దాన్ని చేతపట్టుకుని తిరిగే వాళ్లకు కూడా గుర్తుండాలి.

సమయాన్ని బట్టి కూడా అనుమానాన్ని మార్చుకోవాలి. కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులను తప్పించి రక్తాన్ని మళ్లించే ఒక చిన్న నాళం పుట్టిన రెండు మూడు రోజుల్లో, కొందరిలో రెండు మూడు వారాల్లో మూసుకుపోతుంది. కొన్ని తీవ్రమైన లోపాల్లో బిడ్డ ప్రాణం ఆ నాళం మీదే ఆధారపడి ఉంటుంది. అటువంటి బిడ్డ మూడో రోజునో, పదో రోజునో ఉన్నట్టుండి పాలు మానేసి, పాలిపోయి, ఒళ్లు చల్లబడి, మూలుగుతూ కుప్పకూలుతుంది. ఆ నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఉంది, కానీ దాన్ని గంటల్లో అందించాలి. రెండు వారాల లోపు బిడ్డ ఇలా మారితే 108కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగడానికి వీల్లేదు. కొన్ని నెలల వయసు బిడ్డ పొద్దున లేచి ఏడ్చినప్పుడు ఉన్నట్టుండి ముదురు నీలంగా మారి గుక్కపట్టినట్టయితే, మోకాళ్లను పొట్టకు ఆనేలా మడిచి ఎదకు హత్తుకుని, ఏడుపు మాన్పుతూ ఆసుపత్రికి బయలుదేరాలి. మోకాళ్లు మడవడం వల్ల శరీరం వైపు దారి కొంత ఇరుకై, రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్లుతుంది.

మళ్లీ మన పాప దగ్గరికి. నలభై రెండో రోజున ఆశా కార్యకర్త నిద్రలో ఉన్న పాప ఊపిరి లెక్కపెడితే మొదటిసారి 68, రెండోసారి 66 వచ్చింది. నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు చూసినప్పుడు గుండె నిమిషానికి 165 సార్లు కొట్టుకుంటున్నది, కాలేయం పక్కటెముకల కింద మూడు సెంటీమీటర్లు తగిలింది, ఆక్సిజన్ చేతికీ కాలికీ 97. ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా ఉంది. హైదరాబాద్‌లో చేసిన ఎకో స్కానింగ్‌లో గోడలో ఏడు మిల్లీమీటర్ల రంధ్రం కనిపించింది. ఈ వయసులో గుండె నుంచి శరీరానికి వెళ్లే ప్రధాన రక్తనాళం వెడల్పు కూడా దాదాపు అంతే ఉంటుంది కనుక అది పెద్ద రంధ్రమే.

ఇటువంటి బిడ్డకు వెంటనే ఆపరేషన్ చేయరు. మొదట మూత్రం ద్వారా అదనపు నీటిని బయటకు పంపే ఫ్యూరోసెమైడ్ వంటి మందులు, గుండె మీది బరువు తగ్గించే మందులు ఇస్తారు. ఇవి మిల్లీలీటరులో చిన్న భాగాలుగా కొలిచి ఇవ్వవలసినవి, కనుక చెంచాతో కాక సూది లేని సిరంజితో, డాక్టరు చూపించిన గీత దాకా మాత్రమే తీసుకోవాలి. మందు ఒకపూట మరిచిపోతే రెండో పూట రెట్టింపు ఇవ్వకూడదు. తల్లిపాలు ఆపకూడదు. ఆయాసపడే బిడ్డకు రెండు గంటలకొకసారి కొద్దికొద్దిగా, తల ఎత్తుగా పట్టుకుని ఇవ్వాలి, ఎక్కువ అలసిపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కంటే ఈ బిడ్డకు కిలో బరువుకు ఎక్కువ శక్తి కావాలి, ఎందుకంటే ఊపిరికీ గుండెకూ ఖర్చయ్యేదే చాలా ఉంటుంది. అందువల్ల నీళ్లు కలిపిన ఆవు పాలు పట్టడం రెండు విధాలా నష్టం: కడుపు నిండుతుంది, బలం అందదు. టీకాలు కూడా వాయిదా వేయకుండా వేయించాలి.

మందులతో బరువు పెరగకపోతే, లేదా రంధ్రం తగ్గే సూచన లేకపోతే, మూడు నుంచి ఆరు నెలల మధ్య ఆపరేషన్ చేసి రంధ్రానికి అతుకు వేస్తారు. "పాప బరువు పెరగనీ, ఏడాది నిండనీ" అని ఇంట్లో పెద్దలు అనడం సహజం, కానీ బరువు పెరగకపోవడానికి కారణమే రంధ్రం అయినప్పుడు ఆ ఎదురుచూపుకు అర్థం లేదు. ఖర్చు విషయంలో మన జిల్లాలకు ఒక పాత అనుబంధం ఉంది: 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే గుండె జబ్బులను గుర్తించి పంపే బృందాలు కూడా ఉన్నాయి.

చివరగా చెప్పవలసినది చాలామందికి తెలియనిది, నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది. ఆపరేషన్ చేయించకుండా వదిలేసిన ఇటువంటి బిడ్డ ఏడాది దాటాక ఒక్కోసారి తనంతట తానే బాగుపడినట్టు కనిపిస్తుంది. ఎగపోత తగ్గుతుంది, చెమటలు ఆగుతాయి, బరువు పుంజుకుంటుంది. ఇంట్లోవాళ్లు దేవుడు కరుణించాడనుకుని ఆసుపత్రికి వెళ్లడం మానేస్తారు. కొందరిలో నిజంగానే రంధ్రం చిన్నదై ఉంటుంది, అది శుభవార్తే. మరికొందరిలో రంధ్రం అలాగే ఉండి, నెలల తరబడి ఒత్తిడితో వచ్చిపడిన రక్తాన్ని భరించలేక ఊపిరితిత్తుల రక్తనాళాల గోడలు మందమై, గట్టిపడి ఉంటాయి. పల్లంగా ఉన్న పాయ మళ్లీ మెట్ట కావడం వల్లనే పారుదల తగ్గింది. ఈ గట్టిదనం ఒక దశ దాటితే వెనక్కి తిరగదు, చివరకు రక్తం ఎదురు దిశలో పారి, ఒకప్పుడు ఎర్రగా ఉన్న బిడ్డ పెదవులు నీలంగా మారతాయి, అప్పుడు రంధ్రం మూయడానికి డాక్టర్లకు వీలుండదు. బయటి నుంచి చూస్తే రెండు రకాల "బాగుపడటం" ఒకేలా ఉంటుంది. వాటి మధ్య తేడా చెప్పగలిగేది ఎకో స్కానింగ్ మాత్రమే. అందువల్ల లక్షణాలు తగ్గినా డాక్టరు చెప్పిన తేదీకి స్కానింగ్‌కు వెళ్లాలి, తగ్గినప్పుడైతే ఇంకా తప్పకుండా వెళ్లాలి.

దేవరకొండ వైపు పాపకు అయిదో నెలలో ఆపరేషన్ జరిగింది, అప్పటికి బరువు 4.6 కిలోలు. ఇంటికి వచ్చిన రెండో వారంలో నిద్రలో ఊపిరి లెక్కపెడితే 38 వచ్చింది. అప్పటికి ఎండలు మొదలయ్యాయి, ఇంట్లో అందరికీ చెమటలు పడుతున్నాయి. పాప పదిహేను నిమిషాల్లో పాలు ముగించి, ఆయాసం లేకుండా, కళ్లు తెరిచి తల్లి మొహంలోకి చూస్తున్నది. అమ్మమ్మ అలవాటు కొద్దీ కొంగుతో నుదురు తుడవబోయి, తుడవడానికేమీ లేక చెయ్యి వెనక్కి తీసుకున్నది.